గని మూసేటప్పుడు వచ్చే మైనస్: చివరి ఏడాది నగదు లెక్క ఎలా వేయాలి

రాజురా తహసీల్ 1950ల దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. మహారాష్ట్రలో కలిసి ఇన్నేళ్లయినా రాజురా, గడ్‌చాందూర్, బల్లార్‌పూర్ వైపు గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో, లారీ యజమానుల్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. వీళ్లలో కొందరు ఇప్పుడు సున్నపురాయి లీజుల్లో వాటాలు తీసుకుంటున్నారు. వాళ్ల ప్రాజెక్ట్ రిపోర్టులు చూస్తే ఒకటే లోపం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మొదటి ఏడాది పెట్టుబడి మైనస్, ఆ తర్వాత ప్రతి ఏడాది ప్లస్, చివరి ఏడాది కూడా ప్లస్సే. మెషిన్లు అమ్మితే వచ్చే డబ్బు, తిరిగొచ్చే వర్కింగ్ క్యాపిటల్ చివర్లో కలుపుతారు గానీ, గని మూసి భూమిని సర్దే ఖర్చు ఎక్కడా కనిపించదు. కనిపించినా అది బ్యాంకు గ్యారంటీ అంకె అయి ఉంటుంది.

ఆ ఖర్చును సరిగ్గా ఎక్కిస్తే చివరి నగదు మైనస్‌లోకి పోతుంది. అలా పోయాక మనం అలవాటుగా చూసే ఐఆర్ఆర్ అంకెను, అంటే పెట్టుబడి మీద ఏటా వచ్చే రాబడి శాతాన్ని, నమ్మలేం. లెక్క మొదటి నుంచీ ఎలా కట్టాలో ఒక ఊహాత్మక గనితో చూద్దాం. ఇందులోని రేట్లు ఉదాహరణ కోసం వేసుకున్నవి. మీ దగ్గరి కాంట్రాక్టర్ కొటేషన్లతో వాటిని మార్చుకోండి.

మన గని: సున్నపురాయి, ఓపెన్‌కాస్ట్, పూర్తిగా మెషిన్లతో నడిచేది. తవ్వకానికి, పనికిరాని రాయి పోసే డంపులకు, రోడ్లకు, క్రషర్‌కు కలిపి వాడుకున్న భూమి 90 హెక్టార్లు. మొదట్లో పెట్టుబడి 40 కోట్లు. 1 నుంచి 12వ ఏడాది దాకా పన్ను పోను ఏటా 6.5 కోట్లు మిగులుతుంది. 13వ ఏట మూసివేత.

మొదటి మెట్టు: బ్యాంకు గ్యారంటీని ఖర్చు అనుకోవద్దు

"గ్యారంటీ ఇచ్చేశాం కదన్నా, ఇంక మళ్లీ ఖర్చేంది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. బొగ్గు కాని పెద్ద ఖనిజాలకు 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలు, అంటే ఎంసీడీఆర్, వర్తిస్తాయి. 2021 సవరణ తర్వాత వాటి ప్రకారం ఫైనాన్షియల్ అష్యూరెన్స్ అనే ఈ గ్యారంటీ ‘ఎ’ కేటగిరీ గనికి హెక్టారుకు 5 లక్షలు, ‘బి’ కేటగిరీకి 3 లక్షలు. మనది ‘ఎ’ కేటగిరీ కాబట్టి 90 హెక్టార్లకు 4.5 కోట్లు.

ఇది మీరు మూసివేత పని చేయకుండా వెళ్లిపోతే ప్రభుత్వం చేతిలో ఉండే పూచీ మాత్రమే. పని చేస్తే గ్యారంటీ విడుదలవుతుంది, పని ఖర్చు మాత్రం మీ జేబులోంచే పోతుంది. నగదు లెక్కలో గ్యారంటీ తాలూకు వచ్చేది ఏటా బ్యాంకుకు కట్టే కమీషను, దానికి మార్జిన్‌గా పెట్టిన డిపాజిట్టు. అంతే. హెక్టారుకు ఇంత అనే రేటు కొండ మీది గనికీ, నల్లరేగడి కింది గనికీ ఒకటే. అసలు ఖర్చు అలా ఉండదు.

రెండో మెట్టు: మూసే పనిని ఈనాటి ధరల్లో కొలవండి

మైనింగ్ ప్లాన్‌లో ప్రోగ్రెసివ్ మైన్ క్లోజర్ ప్లాన్ ఉంటుంది. ఫైనల్ మైన్ క్లోజర్ ప్లాన్‌ను మూసివేతకు రెండేళ్ల ముందు ఇవ్వాలి. పెట్టుబడి నిర్ణయం తీసుకునే రోజుకు ఆ రెండోది ఉండదు, మొదటిదాంట్లో సగం మాటలే ఉంటాయి. అందుకే కొలతలు మనమే తీసుకోవాలి. హెక్టార్లలో కాదు, క్యూబిక్ మీటర్లలో.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మట్టి మీద. ఈ ప్రాంతంలో సున్నపురాయి మీద నల్లరేగడి ఉంటుంది. గని తెరిచేటప్పుడు దాన్ని వేరుగా తీసి, వేరుగా తక్కువ ఎత్తు కుప్పలుగా పోసి, గడ్డి మొలిపించి ఉంచితే చివర్లో డంపుల మీద పరచడానికి పనికొస్తుంది. హడావుడిగా రాతి ముక్కలతో కలిపి ఒకే డంపులో పోస్తే ఆ మట్టి పోయినట్టే. పన్నెండేళ్ల తర్వాత మంచి మట్టి బయట కొనాలి, దాన్ని తవ్వి తెచ్చుకోవడానికి అనుమతి కూడా తెచ్చుకోవాలి. కాబట్టి సైటుకు వెళ్లగానే మొదట అడగాల్సిన ప్రశ్న: పై మట్టి కుప్ప ఏది? ఎవరూ చూపించలేకపోతే మీ అంచనాలో మట్టి రేటును రవాణాతో సహా కొన్న మట్టి రేటుగా మార్చండి.

నల్లరేగడికి ఇంకో గుణం ఉంది. వానపడితే డంపర్ టైర్లు దిగిపోతాయి, లోడు ట్రాలీకి అంటుకుని కింద పడదు. దుక్కి నేల మీద నడిచిన ఎవరికైనా ఇది తెలిసిందే. మట్టి పని జరిగేది వానలు తగ్గాక మొదలుపెట్టి మే నెలాఖరు దాకానే. అనుమతి కాగితం ఏప్రిల్‌లో చేతికొస్తే ఆ సీజను పోయినట్టే. పని జరగకపోయినా వాచ్‌మెన్, కరెంటు, నీళ్లు తోడే పంపు, సైట్ ఇంజినీరు జీతం ఇంకో ఏడాది నడుస్తాయి. రిపోర్టుల్లో ఈ ఒక్క ఏడాది జారడం గురించి ఎవరూ రాయరు. నేనైతే ఎదురుచూడని ఖర్చుల కింద 15 శాతం వేసేది ముఖ్యంగా దీనికోసమే.

మన గనికి అంచనా ఇలా వచ్చిందనుకుందాం. డంపుల వాలు తగ్గించడానికి 4 లక్షల క్యూబిక్ మీటర్లు జరపాలి. మీటరుకు 90 రూపాయల చొప్పున 3.6 కోట్లు. 30 హెక్టార్ల మీద అర మీటరు మందాన మట్టి పరచాలంటే 1.5 లక్షల క్యూబిక్ మీటర్లు. ఎత్తి, మోసి, పరిచేందుకు 120 రూపాయల చొప్పున 1.8 కోట్లు. మొక్కలు నాటి, బతికేదాకా నీళ్లు పోయడానికి 75 లక్షలు. గొయ్యి అంచున గట్టు, కంచె, పై బెంచీల వాలు సర్దడానికి 2.75 కోట్లు. క్రషర్, కన్వేయర్ విప్పి, కాంక్రీటు పునాదులు పగలగొట్టి, కాలువలు సరిచేయడానికి 1.9 కోట్లు. తర్వాత ఐదేళ్లు నీటి పరీక్షలు, కాపలా 1 కోటి.

మనుషుల లెక్క చాలామంది మరిచిపోతారు. సంస్థ మూసేటప్పుడు కార్మికుడికి పూర్తి చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. గ్రాట్యుటీ ఇందులో భాగం కాదు, అది వేరు. 140 మంది, రోజుకు 1,000 రూపాయలు, 12 ఏళ్ల సర్వీసు అనుకుంటే సుమారు 2.5 కోట్లు.

మొత్తం 14.3 కోట్లు. 15 శాతం కలిపితే సుమారు 16.5 కోట్లు. గ్యారంటీ 4.5 కోట్లకు దీనికి దాదాపు నాలుగు రెట్ల తేడా. తుక్కు అమ్మితే వచ్చే డబ్బు ఇందులోంచి తీసేయలేదు. దానికి వేరే వరుస పెట్టుకోండి. ఇనుము ధర ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది గానీ డంపు వాలు సర్దే బాధ్యత మాత్రం మారదు.

మూడో మెట్టు: ఆ ఏటి ధరకు పెంచి, పన్ను సంగతి తేల్చండి

16.5 కోట్లు ఈనాటి ధర. డీజిలూ కూలీ ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే 13వ ఏటికి అది 1.886 రెట్లవుతుంది, అంటే సుమారు 31 కోట్లు. ఏటా వచ్చే 6.5 కోట్లు కూడా ఆయా ఏళ్ల ధరల్లో వేసినవే కావాలి. పెంచని 16.5 కోట్లను తీసుకుని, ద్రవ్యోల్బణం కలిసి ఉన్న 10 శాతం రేటుతో తగ్గించడం చాలా రిపోర్టుల్లో కనిపించే తప్పు. అలా చేస్తే ద్రవ్యోల్బణాన్ని ఒకసారి వదిలేసి, ఒకసారి తీసేసినట్టు.

పన్ను దగ్గర ఆగాలి. గని నడిచేటప్పుడు చేసిన ఖర్చు ఆదాయంలోంచి తగ్గుతుంది. 25.17 శాతం పన్ను కట్టే కంపెనీకి ఆ మేరకు ఊరట. 13వ ఏట గని మూతపడి ఉంటుంది, తగ్గించుకోవడానికి ఆదాయం ఉండదు. మన దేశంలో వ్యాపార నష్టాన్ని ముందుకు తీసుకెళ్లొచ్చు గానీ, వెనకటి ఏళ్ల లాభాల మీద కట్టిన పన్నును తిరిగి అడగలేం. ఒక్క గనే ఉన్న కంపెనీకి 31 కోట్లూ పూర్తి భారం. వేరే గనులు నడుస్తున్న పెద్ద సిమెంటు కంపెనీకి అదే పని నికరంగా 23 కోట్ల దగ్గర పడుతుంది. పెద్ద కంపెనీ రిపోర్టును చూసి దాని నమూనాలో మీ లెక్క కట్టుకుంటే పోయేది ఇక్కడే.

నాలుగో మెట్టు: ఎన్‌పీవీ కట్టి, గుర్తు మారుతుందేమో చూడండి

ఎన్‌పీవీ అంటే అన్ని ఏళ్ల నగదునూ ఈనాటి విలువకు తగ్గించి కూడితే వచ్చే మొత్తం. ఎక్సెల్‌లో B2లో సున్నా ఏడాది, B15లో 13వ ఏడాది పెట్టండి.

```
B2        -40
B3:B14    6.5
B15       -31
=NPV(0.10,B3:B15)+B2
```

B2ను బ్రాకెట్టు బయట పెట్టాలి. లోపల పెడితే పెట్టుబడిని కూడా ఒక ఏడాది వెనక్కి నెట్టేస్తుంది.

మూసివేత ఖర్చు లేకుండా 10 శాతం దగ్గర ఎన్‌పీవీ సుమారు 4.3 కోట్ల ప్లస్. గ్యారంటీ అంకె 4.5 కోట్లను చివర్లో పెడితే ఇంకా 3 కోట్ల ప్లస్. పెంచని 16.5 కోట్లు పెడితే దాదాపు సున్నా, అర కోటి మైనస్. 31 కోట్లు పెడితే 4.7 కోట్ల మైనస్. గని అదే, రాయి అదే, రేటు అదే. చివరి గడిలో ఏ అంకె పెట్టామన్నదాన్ని బట్టి తెరవాలా వద్దా అనే జవాబు తిరగబడింది.

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. సున్నపురాయి అమ్మకాలకు రిస్కు ఉంది కాబట్టి 10 శాతం సరే. మూసివేత ఖర్చుకు ఆ రిస్కు లేదు, అది కచ్చితంగా వచ్చి తీరేదే. అలాంటి బాధ్యతను ఎక్కువ రేటుతో తగ్గిస్తే అది అన్యాయంగా చిన్నదైపోతుంది. 7 శాతంతో తగ్గిస్తే 31 కోట్ల ఈనాటి విలువ 9 కోట్ల నుంచి 12.9 కోట్లకు పెరుగుతుంది, ఎన్‌పీవీ 8.6 కోట్ల మైనస్ అవుతుంది. ఆదాయానికి రిస్కు ఎక్కువని రేటు పెంచితే చివరి మైనస్ చిన్నదై గని మెరుగ్గా కనబడే విడ్డూరం కూడా ఇందువల్లే జరుగుతుంది.

ఐదో మెట్టు: ఐఆర్ఆర్ రెండు జవాబులు చెప్పినప్పుడు

ఇప్పుడు గనికి ఇంకో షరతు ఉందనుకోండి: గొయ్యిలో కొంత భాగం తిరిగి పూడ్చాలి. 26 లక్షల క్యూబిక్ మీటర్లు, మీటరుకు 100 రూపాయలు, అంటే ఇంకో 26 కోట్లు. ఈనాటి ధరల్లో మొత్తం 42.5 కోట్లు, 13వ ఏటికి 80 కోట్లు. దానికి తగ్గట్టు రాయి కూడా బాగుంది, ఏటా 9.5 కోట్లు మిగులుతుంది. పెట్టుబడి అదే 40 కోట్లు. ఎక్సెల్‌లో B3:B14లో 9.5, B15లో -80 పెట్టండి.

నగదు గుర్తు మొదట మైనస్, తర్వాత ప్లస్, మళ్లీ మైనస్. రెండుసార్లు మారింది కాబట్టి ఎన్‌పీవీని సున్నా చేసే రేట్లు రెండు ఉండొచ్చు. ఇక్కడ నిజంగానే ఉన్నాయి: ఒకటి దాదాపు 3 శాతం, ఇంకోటి దాదాపు 12.8 శాతం. ఎక్సెల్ రెండూ చూపించదు. మీరిచ్చిన ఊహకు దగ్గరున్నదాన్ని పట్టుకుని ఆగిపోతుంది.

```
=IRR(B2:B15)
=IRR(B2:B15,0.01)
```

మొదటిదానికి 12.8 వస్తుంది, రెండోదానికి 3 దగ్గర వస్తుంది. రిపోర్టు రాసేవాడికి రెండో ఫార్ములా తెలియకపోతే "ఐఆర్ఆర్ 12.8 శాతం, బ్యాంకు వడ్డీ 10 శాతం, ప్రాజెక్టు లాభదాయకం" అని రాసేస్తాడు. 10 శాతం దగ్గర ఎన్‌పీవీ కూడా 1.6 కోట్ల ప్లస్ చూపిస్తుంది కాబట్టి అతనికి అనుమానం రాదు. 2 శాతం దగ్గర ఎన్‌పీవీ మైనస్, 10 దగ్గర ప్లస్, 14 దగ్గర మళ్లీ మైనస్. రేటు 2 నుంచి 16 దాకా ఒక్కో శాతం పెంచుతూ ఎన్‌పీవీ గ్రాఫ్ గీస్తే ఈ మూపురం కంటికి కనిపిస్తుంది. గ్రాఫ్ లేకుండా ఐఆర్ఆర్ ఒక్కటే ఇచ్చిన రిపోర్టును చివరి ఏడాది మైనస్ ఉన్నప్పుడు నేను పక్కన పెట్టేస్తాను.

మరి 3 నిజమా, 12.8 నిజమా? రెండూ కాదు. ప్రశ్న మార్చాలి: చివర్లో కట్టాల్సిన 80 కోట్లు అప్పటిదాకా ఎక్కడ ఉంటాయి, ఎంత సంపాదిస్తాయి? 10 శాతంతో తగ్గించామంటే పక్కన పెట్టిన డబ్బు పదమూడేళ్లూ 10 శాతం తెస్తుందని ఒప్పుకున్నట్టు. నిజానికి ఆ డబ్బును ఎవరైనా ఫిక్స్‌డ్ డిపాజిట్టు లాంటి భద్రమైన చోటే పెడతారు. 7 శాతం అనుకుందాం.

```
=PMT(0.07,12,0,-80/1.07)
```

ఏటా 4.18 కోట్లు పక్కన పెడితే 12 ఏళ్ల డిపాజిట్లు 13వ ఏటికి 80 కోట్లవుతాయి. ఈ మొత్తాన్ని 9.5లోంచి తీసేస్తే ఏటా వాడుకోదగింది 5.32 కోట్లు. చివరి గడి సున్నా. ఇప్పుడు గుర్తు ఒక్కసారే మారుతుంది, ఐఆర్ఆర్ కూడా ఒక్కటే: సుమారు 8 శాతం. 10 శాతానికి అప్పు తెచ్చి 8 శాతం తెచ్చే గని తెరవడమన్నమాట. వద్దు. డిపాజిట్టు వడ్డీ మీద పన్ను కూడా ఉంటుంది కాబట్టి అసలు అంకె ఇంకాస్త తక్కువే.

మన మొదటి గనికి ఇదే పని చేస్తే 31 కోట్ల కోసం ఏటా 1.62 కోట్లు పక్కన పెట్టాలి. మిగిలేది 4.88 కోట్లు, ఐఆర్ఆర్ 6.4 శాతం. మూసివేత లెక్కే వేయని రిపోర్టులో ఇదే గని 12 శాతం పైన చూపించింది.

ఎంఐఆర్ఆర్, అంటే సవరించిన ఐఆర్ఆర్ వాడితే సరిపోదా అని అడుగుతారు. `=MIRR(B2:B15,0.10,0.07)` ఒకే జవాబిస్తుంది, నిజమే. కానీ అది చివరి మైనస్‌ను మళ్లీ 10 శాతంతోనే తగ్గిస్తుంది. నాకు ఏటా డబ్బు పక్కన పెట్టే నిధి పద్ధతే ఇష్టం. భాగస్తులకు చూపించడం కూడా తేలిక: "ఏటా ఇంత డబ్బు మనది కాదు" అంటే అందరికీ అర్థమవుతుంది.

ఆరో మెట్టు: ఎంత పనిని ముందుకు లాగొచ్చో చూడండి

మన మొదటి గనిలో డంపులు, మట్టి, మొక్కల పని ఎదురుచూడని ఖర్చుతో కలిపి 7 కోట్ల దాకా ఉంది. తవ్విన మట్టిని మొదట కుప్పపోసి మళ్లీ ఎత్తే బదులు, నిండిన డంపు మీదికి నేరుగా తీసుకెళ్తే ఒక మోత తప్పుతుంది. డంపర్లు సైట్‌లోనే ఉంటాయి కాబట్టి కొత్తగా తెప్పించే ఖర్చు కూడా ఉండదు. అదే పని 5 కోట్లలో అయిందనీ, 5వ ఏడు నుంచి 12వ ఏడు దాకా పంచామనీ అనుకుందాం. ఆ ఏళ్లలో ఆదాయం ఉంది కాబట్టి పన్ను ఊరట దొరుకుతుంది. ధరల పెరుగుదల కూడా కలిపితే నికరంగా ఏటా 71 లక్షల దాకా పోతుంది. చివర్లో మిగిలేది 31 బదులు 18 కోట్లు.

10 శాతం దగ్గర ఎన్‌పీవీ 4.7 కోట్ల మైనస్ నుంచి 3.5 కోట్ల మైనస్‌కు వస్తుంది. ఖర్చు ముందుకు జరగడం వల్ల ఎన్‌పీవీ తగ్గాలి, అయినా పెరిగింది. కానీ గని ప్లస్‌లోకి రాలేదు. పని ముందుకు లాగితే నష్టం తగ్గుతుంది, రాయి బలహీనంగా ఉన్న గని దానితో బలపడదు. గొయ్యి అంచు కంచె, క్రషర్ విప్పడం, కార్మికుల పరిహారం ఎలాగూ చివర్లోనే వస్తాయి.

బొగ్గు గని అయితే

వార్ధా నదికి ఈ పక్క సున్నపురాయి, ఆ పక్క బొగ్గు అని చెప్పలేం, రాజురా తహసీల్‌లోనే రెండూ ఉన్నాయి. బొగ్గుకు లెక్క వేరు. 2009 ఆగస్టు మార్గదర్శకాల నుంచి మూసివేత డబ్బును ఏటా ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప తీయలేని ఖాతాలో కట్టాలి. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి 1 లక్ష, తర్వాత ఈ రేట్లు పెంచారు. అంటే మనం పైన చేతితో కట్టిన నిధిని ఇక్కడ నియమమే కట్టిస్తుంది. చివరి ఏడాది మైనస్ జీవితకాలమంతా పరుచుకుంటుంది, చేసిన పనికి ఖాతాలోంచి డబ్బు తిరిగొస్తుంది కాబట్టి చివరి గడి ప్లస్‌గా కూడా కనబడొచ్చు.

ఆ ప్లస్ చూసి ఐఆర్ఆర్ సమస్య తీరిపోయిందనుకోవద్దు. ఎస్క్రో రేటు కూడా హెక్టారు లెక్కే. బొగ్గు పైనుంచి తీసిన రాయి, మట్టి పోసే ఓబీ డంపు ఎత్తు, గొయ్యి లోతు దానికి పట్టవు. క్యూబిక్ మీటర్ల అంచనా ఎస్క్రోలో చేరబోయే మొత్తాన్ని దాటితే ఆ తేడాను 13వ ఏటి గడిలో మైనస్‌గా విడిగా వేసి, ఐదో మెట్టులోని పరీక్ష మళ్లీ పెట్టాలి.

నడుస్తున్న గనిలో వాటా కొంటున్నప్పుడు

చివరి ఏడాది మైనస్ అని తెలిసిన యజమానికి ఆ ఏడాదిని వాయిదా వేయాలనే ఉంటుంది. పేరుకు ఏటా కొన్ని వేల టన్నులు తీస్తూ గని నడుస్తున్నట్టు చూపిస్తాడు, లేదా కొత్త భాగస్తుడికి అంటగడతాడు. కొనేవాడు ఆస్తుల జాబితా చూసి ధర కడతాడు. జాబితాలో లేని బాధ్యత డంపుల్లో ఉంటుంది.

సైట్‌లో చూడాల్సినవి పెద్దగా లేవు. నిండిపోయి చాలా ఏళ్లయిన డంపు మీద ఇంకా ఒట్టి రాయే ఉందా? మొక్కలన్నీ లీజు సరిహద్దు వెంట, రోడ్డు వైపే ఉన్నాయా? ప్రోగ్రెసివ్ క్లోజర్ ప్లాన్‌లో ఇప్పటికి సర్దాల్సిన హెక్టార్లెన్నో చూసి, డ్రోన్ ఫొటోతో పోల్చండి. చేయకుండా మిగిలిన పనిని ఈనాటి రేటుతో గుణించి, 13వ ఏటి దాకా ఆగకుండా మొదటి ఏడాది గడిలోనే వేసి, అమ్మేవాడు చెప్పిన ధరలోంచి తీసేయండి. దానికి అతను ఒప్పుకోకపోతే, ఆ మొత్తానికి విక్రయ ఒప్పందంలో విడిగా పూచీకత్తు రాయించుకోవాలి.